రిక్రూటర్‌కు రాయాల్సినవి అయిదు వాక్యాలే

ప్రశ్న: రెండు చెవులకూ మెషీన్లు పెట్టుకుంటాను. ఇక్కడ అమెరికాలో ఎమ్మెస్ పూర్తయి, చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే ఓపీటీ మొదలైంది. ఒక కంపెనీ రిక్రూటర్ వచ్చే వారం ఫోన్ స్క్రీనింగ్ పెడతానంటున్నారు. అది దాటితే వీడియోలో నలుగురితో ప్యానెల్, అందులోనే కోడింగ్. ఫోన్లో నాకు సగం మాటలు అందవు. చెవుల సంగతి చెబితే అసలు పిలవరని మా కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. నిజమేనా? చెప్పాలంటే ఎలా చెప్పాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు నీ చేతిలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకో. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది మొత్తం 90 రోజులు. ఆ లెక్క నీ పని అనుమతి కార్డు, అదే ఈఏడీ మీద ఉన్న మొదటి తేదీ నుంచే నడుస్తుంది. అద్దె, ఇన్సూరెన్సు, ఊళ్ళో బ్యాంకు లోను వడ్డీ ఎటూ ఆగవు. వినపడని మాటను ఊహించి తప్పు జవాబు చెప్పి ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకుంటే, మళ్ళీ ఇంకో పిలుపు వచ్చేదాకా అయ్యే ఖర్చంతా నీ జేబులోంచే. ఈ డబ్బు లెక్క కొత్తగా వచ్చినవాళ్ళకు తొందరగా ఎక్కదు. నేను చెప్పబోయేదంతా ఆ లెక్కలోంచే చెబుతున్నాను.

కన్సల్టెన్సీ వాళ్ళ మాట పక్కన పెట్టు. దాచిపెడితే ఏం జరుగుతుందో చూడు. తెర కింద క్యాప్షన్లు వస్తుంటే నీ కళ్ళు అటే పోతాయి. మాట అన్నాక అక్షరం రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది కనుక నీ జవాబూ అంత ఆలస్యంగా మొదలవుతుంది. కళ్ళు పక్కకు తిరగడం, జవాబుకు ముందు ఆగడం, ఈ రెండూ ఎవరో పక్కన కూర్చుని జవాబులు అందిస్తున్నప్పుడు కనిపించే లక్షణాలే. ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూల పుణ్యమా అని మనవాళ్ళ మీద ఆ అనుమానం ముందే ఉంది. ముందుగా చెప్పిన మనిషి క్యాప్షన్లు చదువుతుంటే అది ఏర్పాటు. చెప్పని మనిషి చదువుతుంటే అనుమానం. అడిగినవాళ్ళందరినీ పిలుస్తారని నేను హామీ ఇవ్వను. చెప్పాక చల్లబడే రిక్రూటర్లూ ఉంటారు. కానీ వినపడని ఫోన్ కాల్లో నెగ్గే అవకాశం అంతకంటే తక్కువ.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో. వికలాంగుల మీద వివక్షను ఆపే 1990 నాటి ఏడీఏ చట్టం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు వర్తిస్తుంది. ఉద్యోగంలో చేరినవాళ్ళకే కాదు, దరఖాస్తు పెట్టినవాళ్ళకూ వర్తిస్తుంది. పౌరసత్వంతో పనిలేదు. చిన్న కంపెనీ అయితే రాష్ట్ర చట్టం చూసుకోవాలి. న్యూజెర్సీలో కంపెనీ ఎంత చిన్నదైనా అక్కడి చట్టం కాపాడుతుంది. మిగతాది ఉద్యోగాల్లో వివక్ష సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ వెబ్‌సైట్లో చదువుకో. జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అని ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ ఉంది, వాళ్ళకు ఫోన్ చేయక్కర్లేదు, రాసి అడగొచ్చు.

మనవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. ఆన్‌లైన్ దరఖాస్తు చివర్లో, నీకు వైకల్యం ఉందా, లేదా, చెప్పదలచుకోలేదా అని ఒక ఫారం వస్తుంది. పైన CC-305 అని ఉంటుంది. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు లెక్కల కోసం అడిగేది అది. అక్కడ టిక్కు పెడితే ఇంటర్వ్యూలో ఏర్పాట్లు వాటంతట అవే జరిగిపోతాయనుకుంటారు. జరగవు. ఆ ఫారం విడిగా ఉంటుంది, ఇంటర్వ్యూ పెట్టేవాళ్ళకు అందదు. అడగాల్సింది వేరే, రిక్రూటర్‌ని, నేరుగా.

ఎప్పుడు అడగాలి? ఏ రోజు ఖాళీ అని రిక్రూటర్ రాసినప్పుడే, టైము ఖాయం చేసే జవాబులోనే. క్యాలెండర్ ఇన్వైట్ వచ్చాక అడిగితే నలుగురి టైములూ మళ్ళీ కదపాలి, వారం పోతుంది. జవాబు ఒక్క రిక్రూటర్‌కే వెళ్ళాలి. ఆ మెయిల్లో మేనేజర్ పేరు కాపీలో ఉంటే తీసేసి పంపు. ఫోన్లో అడిగినా చట్టం ఒప్పుకుంటుంది కానీ, రాసి పెడితే తేదీతో సహా ఉంటుంది.

ఇక మెయిల్. ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా దీనికంటే పొడుగు కానివ్వకు:

"ఈ ఉద్యోగానికి నన్ను పరిశీలిస్తున్నందుకు ధన్యవాదాలు, మీరు చెప్పిన మంగళవారం నాకు వీలవుతుంది. నాకు వినికిడి లోపం ఉంది, అందుకే ఇంటర్వ్యూకు కొన్ని ఏర్పాట్లు కోరుతున్నాను. మొదటి రౌండు ఫోన్లో కాకుండా ఆటోమేటిక్ క్యాప్షన్లు పనిచేసే వీడియో కాల్లో పెట్టగలరా? ప్యానెల్ రౌండుకు మనిషి టైపు చేసే లైవ్ క్యాప్షన్లు, ప్రశ్నలు చాట్‌లో కూడా పెట్టడం, క్యాప్షన్ల ఆలస్యానికి పదిహేను నిమిషాలు అదనపు సమయం కావాలి. ఈ విషయం ఏర్పాట్లు చేసేవాళ్ళ వరకే ఉంచి, శుక్రవారంలోగా వీలవుతుందో లేదో చెబితే సంతోషిస్తాను."

అయిదే వాక్యాలు. చిన్నప్పటి జ్వరం, ఎన్నో ఏట మెషీన్ పెట్టారు, ఎంత కష్టపడి చదివావు, ఇవేవీ అందులో లేవు. క్షమాపణ లేదు. "ఏదో ఒక సాయం చేయండి" అన్న మాటా లేదు, ఎందుకంటే ఆ మాటతో రిక్రూటర్ ఏం బుక్ చేయాలో ఆవిడకు తెలియదు. మన అలవాటు ప్రకారం సదరం సర్టిఫికెట్ స్కాన్ చేసి జతచేయకు. ఇన్ని శాతం అన్న లెక్క అక్కడ పెన్షన్‌కూ రిజర్వేషన్‌కూ పనికొస్తుంది, ఇక్కడి చట్టం శాతాలతో నడవదు. లోపం కంటికి కనిపించేది కాకపోతే కంపెనీ కాగితం అడగొచ్చు. అడిగితే మీ ఆడియాలజిస్టు ఇచ్చే ఒక పేజీ ఉత్తరం చాలు: ఫోన్లో మాటలు అందవు, క్యాప్షన్లు అవసరం, అంతే. అది ముందే రాయించి దగ్గర పెట్టుకో. అపాయింట్‌మెంట్ దొరకడానికే రోజులు పోతాయి.

మొదటి రౌండుకు ఆటోమేటిక్ క్యాప్షన్లు, ప్యానెల్‌కు మనిషి అని ఎందుకు విడదీశానంటే, అదీ రోజుల లెక్కే. మనిషితో టైపు చేయించే సేవను కార్ట్ అంటారు. దాన్ని కంపెనీ ముందుగా బుక్ చేయాలి. అరగంట పరిచయ కాల్ కోసం దానికి పట్టుబడితే ఆ కాలే వెనక్కి పోతుంది. రిక్రూటర్ అడిగేవి జీతం, వీసా, గత అనుభవం. వాటికి ఆటోమేటిక్ క్యాప్షన్లు సరిపోతాయి. ప్యానెల్‌కు సరిపోవు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆటోమేటిక్ క్యాప్షన్లు కలిసిపోతాయి, లైబ్రరీల పేర్లు, ఫంక్షన్ల పేర్లు ఇష్టం వచ్చినట్టు పడతాయి, యాసలు మారితే తప్పులు ఇంకా పెరుగుతాయి. అక్కడ ఒక్క పదం తప్పితే వేరే సమస్యకు కోడ్ రాసి కూర్చుంటావు. కార్ట్ ఖర్చు కంపెనీదే. "కావాలంటే నేను కట్టుకుంటాను" అని మాత్రం అనకు. నెల చివర అద్దె కట్టాల్సిన డబ్బు అది.

ఫోన్ వద్దని అడగడానికి కారణం కూడా తెలుసుకో, ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మామూలు ఫోన్ లైను దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. స, ఫ లాంటి శబ్దాల బలం చాలావరకు అంతకు పైన ఉంటుంది, అది తెగిపోతుంది. ఫోన్లో పెదవులూ కనపడవు. వీడియో కాల్లో శబ్దం ఇంకా విశాలంగా వస్తుంది, ముఖం కనిపిస్తుంది, అక్షరాలు కూడా తోడవుతాయి.

అడిగింది యథాతథంగా ఇచ్చి తీరాలని లేదు. ప్రయోజనం నెరవేరే వేరే మార్గం కంపెనీ చూపించొచ్చు. అందుకే జవాబులో "క్యాప్షన్లు కుదరవు, ప్రశ్నలన్నీ చాట్‌లో పెడతాం" అంటే కోపగించుకోకు, ప్యానెల్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారా అని అడిగి ఒప్పుకో. రెండు పని దినాలు గడిచినా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద ఒక్క వాక్యంతో గుర్తుచేయి. అప్పటికీ లేకపోతే కంపెనీ కెరీర్స్ పేజీ అడుగున చూడు. పెద్ద కంపెనీలు చాలావరకు దీనికోసం ప్రత్యేకంగా ఒక ఈమెయిల్ ఇస్తాయి.

ఎక్కువగా చెడేది వేరే చోట. రిక్రూటర్ సరేనంటారు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు చెప్పడం మరిచిపోతారు. కాల్లో చేరగానే క్యాప్షన్ల బటన్ కనిపించకపోతే అదే జరిగిందని అర్థం; కొన్ని కంపెనీల అకౌంట్లలో దాన్ని ఆపేసి ఉంచుతారు, అవతలివాళ్ళు తెరిస్తే తప్ప నీకు రాదు. మొదటి నిమిషంలోనే చెప్పు: "నేను క్యాప్షన్లు చదువుతూ మాట్లాడతాను, దయచేసి ఆన్ చేయండి, ఒక్కొక్కరుగా మాట్లాడండి." ఇదే వాక్యం ముందే టైపు చేసి పెట్టుకుని చాట్‌లో కూడా వేసెయ్. అప్పటికీ కుదరకపోతే విండోస్ 11లో Win + Ctrl + L నొక్కితే కంప్యూటర్లో వచ్చే ఏ మాటకైనా క్యాప్షన్లు నీ తెర మీదే వస్తాయి. అది వాడుతున్నానని చెప్పి వాడు. ఇంటర్వ్యూ ముందురోజే ఒకసారి తెరిచి భాష ఇంగ్లీషు పెట్టుకో, మొదటిసారి అయితే ఫైళ్ళు డౌన్‌లోడ్ అడుగుతుంది.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్తే ఒక జాగ్రత్త. మార్కెటింగ్ అబ్బాయి, పైన వెండార్, ఆ పైన క్లయింట్, ఇలా నీ మెయిల్ మూడు చేతులు మారుతుంది. ఆ గొలుసులో చెవుల వివరాలు పెట్టకు. "ఫోన్ కాకుండా వీడియో, క్యాప్షన్లు ఆన్" అన్న ఏర్పాటు వరకే రాయి. క్లయింట్ వైపు రిక్రూటర్ మెయిల్ తెలిశాక పూర్తి విషయం ఆవిడకే రాయి. నీ బదులు ఇంకెవరినో కూర్చోబెడతామని ఎవరైనా అంటే ఆ కన్సల్టెన్సీనే వదిలెయ్, అక్కడ పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, వీసా కూడా.

ఒక రౌండుకు ఇచ్చినవి తర్వాతి రౌండుకు వాటంతటవే రావు. షెడ్యూల్ చేసే మనిషి మారతారు, పాత మెయిల్ ఆవిడ చూసి ఉండదు. కొత్త ఇన్వైట్ వచ్చిన ప్రతిసారీ ఆ అయిదు వాక్యాల్లో రెండోదీ నాలుగోదీ చివరిదీ తీసుకుని, తేదీ మార్చి మళ్ళీ పంపు.