పాత ఫిల్మ్ లాంటి వెచ్చని లుక్ కోసం లట్ వేస్తే ముఖాలు నారింజ రంగుకి తిరుగుతున్నాయి. స్కోప్స్‌లో ఏం చూడాలి?

మీ ఫుటేజ్ అప్పటికే Rec.709లో ఉందేమో, అది చూడండి. రిజాల్వ్‌లోని Rec709 Kodak 2383 D65 లట్ సినియాన్ లాగ్ ఇన్‌పుట్ కోసం చేసినది. మామూలు కాంట్రాస్ట్ ఉన్న బొమ్మ మీద వేస్తే కాంట్రాస్ట్, శాచురేషన్ రెండింతలు పడినట్టవుతాయి.

చెన్నై మైలాపూర్‌లో మా అమ్మమ్మగారింటి వరండాలో ఎస్-లాగ్3లో తీసిన షాట్‌ని ముందే Rec.709కి మార్చి ఈ లట్ వేస్తే నాకూ ఇలాగే అయింది. తాతయ్య తెల్ల పంచె వేవ్‌ఫామ్‌లో పై అంచు 1023ని తాకి గీతలా అతుక్కుపోయింది, మడతలు మాయం. ఆ మార్పు తీసేసి, లట్ నోడ్‌కి ముందు కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి, అవుట్‌పుట్ గామాని Cineon Film Log చేశాను. ఆ రెంటికీ మధ్య ఇంకో నోడ్‌లో ఎక్స్‌పోజర్ తగ్గించి పంచెని 900 దగ్గరికి తెచ్చాను. లట్ తర్వాతి నోడ్‌లో లిఫ్ట్ పెంచి నలుపుని 50 దగ్గర నిలిపాను. పాత ప్రింట్ వెలిసినట్టు కనిపించేది అక్కడే.

వెచ్చదనం మధ్య నోడ్‌లోనే, టెంపరేచర్‌తో. వెక్టర్‌స్కోప్‌లో పంచె తాలూకు మచ్చ మధ్య నుంచి నారింజ వైపు కొంచెమే జరగాలి. ముఖం మాత్రం స్కిన్ టోన్ గీత పక్కనే ఉండాలి. గీత దాటి ఎరుపు వైపు పోతే కమిలినట్టు, పసుపు వైపు పోతే కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. గీత మీదే ఉండి మధ్య నుంచి మరీ దూరం పోతే అది శాచురేషన్ ఎక్కువవడం. లట్ తర్వాతి నోడ్‌లో శాచురేషన్ కొంచెం దించితే సరిపోయింది.

ముఖాన్ని ఒక్కదాన్నే చదవాలంటే దాని చుట్టూ పవర్ విండో గీసి హైలైట్ ఆన్ చేయండి. లేకపోతే వరండా ఎర్ర గచ్చు కూడా అదే దిక్కున పడి మోసం చేస్తుంది.