పోస్ట్‌మార్టమ్‌లో పేరు తీసేస్తే సరిపోదు

తమ్ముడూ,

మన ఔటేజ్ మీద నువ్వు రాసిన పోస్ట్‌మార్టమ్ డ్రాఫ్ట్, అంటే ఏం జరిగింది, ఎందుకు జరిగిందన్న రిపోర్టు, రెండుసార్లు చదివాను. పేర్లన్నీ తీసేసి "ఒక ఇంజనీర్" అని పెట్టావు కాబట్టి ఇది బ్లేమ్‌లెస్, అంటే ఎవరినీ నిందించని రిపోర్టు, అయిపోయిందని అనుకుంటున్నట్టున్నావు. కానీ "ఒక ఇంజనీర్ సరిగ్గా చూసుకోకుండా తప్పు కాన్ఫిగ్ డిప్లాయ్ చేయడం వల్ల" అని రాస్తే, ఆ రోజు డిప్లాయ్ ఎవరు చేశారో మన టీమ్‌లో తెలియనిదెవరికి? పేరు లేకపోయినా అందరికీ వినిపిస్తుంది. సరే, అది కూడా వదిలేయ్. నా గొడవ "సరిగ్గా చూసుకోకుండా" అన్న మాటతో. ఆ మాట దగ్గర నువ్వు వెతకడం ఆపేశావు.

తిరగరాసే ముందు, 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ స్టోరేజ్ సర్వీస్ ఎస్3 ఆగిపోయినప్పుడు వాళ్లు బయటికి ఇచ్చిన వివరణ ఒకసారి చదువు, చిన్నదే. బిల్లింగ్ సిస్టమ్ నెమ్మదించిందని చూస్తూ, కొన్ని సర్వర్లను తీసేయడానికి ఒకరు కమాండ్ కొట్టారు, అందులో ఒక ఇన్‌పుట్ తప్పు పడింది, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. ఆ మనిషి గురించి వాళ్లు చెప్పిందల్లా ఆ పని చేసే అధికారం ఉన్న టీమ్ సభ్యుడని, ఎప్పటి నుంచో వాడుతున్న ప్లేబుక్‌లోని స్టెప్పుల ప్రకారమే చేశాడని. అజాగ్రత్త, తొందరపాటు లాంటి మాట ఒక్కటి లేదు. అలాగని తప్పు టైపింగ్‌ని దాచలేదు కూడా. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగతా వివరణంతా ఆ తర్వాత జరిగినదానికి ఇచ్చారు.

టైమ్ చూస్తే ఎందుకో తెలుస్తుంది. కమాండ్ కొట్టింది అక్కడి టైమ్‌లో ఉదయం 9:37కి. సర్వీస్ పూర్తిగా మామూలు స్థితికి వచ్చింది మధ్యాహ్నం 1:54కి. అంటే నాలుగు గంటల పైమాటే. టైపింగ్ తప్పు మొదటి నిమిషాన్ని మాత్రమే వివరిస్తుంది, మిగతా నాలుగు గంటలకు అది జవాబు కాదు. అంత సేపు పట్టింది ఎందుకంటే, పోయిన సర్వర్ల మీద ఆధారపడ్డ ముఖ్యమైన భాగాలను మొత్తంగా రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది, పెద్ద రీజియన్లలో అలా పూర్తిగా రీస్టార్ట్ చేసి ఏళ్లయింది, ఈలోగా ఎస్3 విపరీతంగా పెరిగిపోయింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. నీ టైమ్‌లైన్ 2:14కి అలర్ట్ రావడంతో మొదలైంది. నేను లాగ్‌లు తీసి చూశాను: డిప్లాయ్ 1:32కి జరిగింది, యూజర్లకు ఎర్రర్లు 2:05కి మొదలయ్యాయి. అంటే మనకు తెలియకముందే తొమ్మిది నిమిషాలు యూజర్లు ఇబ్బంది పడ్డారు, నీ టైమ్‌లైన్‌లో ఆ తొమ్మిది నిమిషాలు లేవు. మనకు తెలిసిన క్షణం నుంచి కాకుండా, మార్పు జరిగిన క్షణం నుంచి మొదలుపెట్టు. అన్నీ ఒకే టైమ్‌జోన్‌లో పెట్టడం మర్చిపోకు (నేను ఒకసారి లాగ్‌లు యూటీసీలో, చాట్ మన టైమ్‌లో ఉంచేసి రాస్తే, సమస్య రాకముందే దాన్ని సరిచేసినట్టు తేలింది, మీటింగ్‌లో అందరూ నవ్వారు).

ఇంకోటి, 2:20 దగ్గర "సమస్య కాన్ఫిగ్‌లో ఉన్నా డేటాబేస్‌ని చూస్తూ టైమ్ వృథా చేశారు" అని రాశావు. ఇది జవాబు తెలిశాక వెనక్కి తిరిగి చూసి రాసిన వాక్యం. ఆ క్షణంలో వాళ్ల స్క్రీన్ మీద ఏముంది? ఎర్రర్‌లో డేటాబేస్ టైమవుట్ అని ఉంది. అది చూసిన ఎవరైనా డేటాబేస్ దగ్గరికే వెళ్తారు, నేనైనా అంతే. కాబట్టి "ఎర్రర్ మెసేజ్ డేటాబేస్ టైమవుట్ అని చూపించడంతో డేటాబేస్‌ని పరిశీలించారు, కాన్ఫిగ్ మార్పు 2:38కి గుర్తించారు" అని రాయి. విషయం అదే, కానీ ఇప్పుడు ఆ ఎర్రర్ మెసేజ్ మనల్ని తప్పుదారి పట్టించిందన్న సంగతి కూడా దొరికింది. ఎవరినైనా అడిగేటప్పుడు కూడా "ఎందుకలా చేశావు" అని అడగకు, అలా అడిగితే సంజాయిషీ తప్ప ఇంకేమీ రాదు. "అప్పుడు నీకేం కనిపించింది" అని అడుగు.

ఇక రూట్ కాజ్. కనెక్షన్ పూల్ సైజు, అంటే డేటాబేస్‌కి ఒకేసారి తెరిచి ఉంచే కనెక్షన్ల సంఖ్య, 200 ఉండాల్సింది 20 పడింది, ఒక సున్నా పోయింది. నువ్వు అక్కడితో ఆగావు. నేను ఆ మార్పుని తెరిచి చూస్తే, అందులో నలభై దాకా లైన్లు మారి ఉన్నాయి. ఫార్మాటర్ ఖాళీలన్నీ సర్దేసింది, ఆ గుంపులో ఒక సున్నా పోతే కంటికి ఆనదు. ఇద్దరు రివ్యూ చేసి మరీ ఓకే అన్నారు. ముందుగా పరీక్షించి చూసే స్టేజింగ్‌లో ట్రాఫిక్ ఉండదు కాబట్టి అక్కడ 20 చక్కగా పనిచేసింది. ప్రొడక్షన్‌లో కూడా అరగంట పనిచేసింది, 2 గంటలకు ట్రాఫిక్ పెరిగాకే కనెక్షన్లు చాలక రిక్వెస్టులు క్యూలో పడ్డాయి. ఆ తర్వాత 2:38కి పాత వెర్షన్‌కి వెళ్లే రోల్‌బ్యాక్ మొదలుపెడితే 3:03కి గానీ పూర్తి కాలేదు, ఎందుకంటే మన రోల్‌బ్యాక్ కూడా మొత్తం బిల్డ్‌ని మళ్లీ మొదటి నుంచి నడుపుతుంది. 58 నిమిషాల ఔటేజ్‌లో 25 నిమిషాలు బిల్డ్ పూర్తయ్యేదాకా కూర్చోవడానికే పోయాయి. నువ్వు దీన్ని "రోల్‌బ్యాక్ చేశాం" అని రెండు మాటల్లో దాటేశావు.

అందుకే నీ రూట్ కాజ్ విభాగాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టు: ఎందుకు మొదలైంది, ఎందుకు అంతసేపు సాగింది. రెండోదానికి జవాబు సాధారణంగా వేరే చోట ఉంటుంది.

యాక్షన్ ఐటమ్స్‌లో నువ్వు రాసిన మొదటిది "ఇకపై కాన్ఫిగ్ మార్పులను జాగ్రత్తగా రివ్యూ చేయాలి". కొట్టేయ్. జాగ్రత్తకి టికెట్ ఎలా మూస్తావు? ఎస్3 వాళ్లు ఏం చేశారో చూడు: ఆ టూల్ సర్వర్లను నెమ్మదిగా తీసేలా మార్చారు, ఏ భాగమైనా కనీస సామర్థ్యం కంటే కిందికి పోయేలా ఉంటే తీయడానికి ఒప్పుకోకుండా అడ్డు పెట్టారు. మనకు కూడా అలాంటిదే కావాలి, పూల్ సైజు మనం పెట్టిన కనీస సంఖ్య కంటే తక్కువుంటే డిప్లాయ్ ఆగిపోవాలి. అయిందా లేదా అని ఎలా తెలుస్తుందంటే, కావాలని 20 పెట్టి డిప్లాయ్ చేయబోతే అది తిరస్కరించాలి. రెండోది, బిల్డ్ మళ్లీ నడపకుండా పాత వెర్షన్‌కి పోయే దారి. మూడోది, ఫార్మాటింగ్ మార్పులు రివ్యూకి విడిగా రావడం. ఈ మూడు చాలు, ఒక్కోదానికి ఒక మనిషి, ఒక తేదీ. నువ్వు రాసిన పదకొండిట్లో మిగతావి ఎవరూ చేయరు, నాకు తెలుసు, నేనూ అలాంటివి చాలా రాశాను.

ఆ రెండోదాని దగ్గర కాస్త ఇబ్బంది ఉంది. రోల్‌బ్యాక్ టికెట్ మన బ్యాక్‌లాగ్‌లో ఏడాదిగా పడి ఉంది. దాన్ని వాయిదా వేసింది డిప్లాయ్ చేసిన అబ్బాయి కాదు, పైవాళ్లు, వాళ్లలో నేనూ ఒకణ్ని. అది రాయి. ఎస్3 వాళ్లు కూడా ఏ ఫైల్ ఎక్కడుందో చూసుకునే ఇండెక్స్‌ని ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టే పని ఆ ఏడాదిలోనే తర్వాతెప్పుడో చేద్దామనుకున్నామని, ఔటేజ్ తర్వాత వెంటనే మొదలుపెడుతున్నామని ఒప్పుకున్నారు. "ఈ పని గుర్తించాం, ఫలానా పనుల కోసం వెనక్కి నెట్టాం" అని రాస్తే సరిపోతుంది. కింది వాళ్ల మీద నింద వేయకూడదన్నప్పుడు పైవాళ్ల మీద కూడా వేయకూడదు, కానీ ఆ నిర్ణయాన్ని దాచకూడదు.

మీటింగ్‌కి ముందు ఈ టైమ్‌లైన్‌ని డిప్లాయ్ చేసిన అబ్బాయికి చూపించి, 1:32 దగ్గర తన స్క్రీన్ మీద ఏం కనిపించిందో తననే రాయమను. 2:20 నుంచి 2:38 దాకా చాట్‌లో ఏమీ లేదు, బహుశా అందరూ కాల్‌లో ఉండుంటారు. ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఏం జరిగిందో వాళ్లు మర్చిపోకముందే, వీలైతే ఇవాళే అడుగు.