క్లయింట్లకి రిప్లై టైమింగ్స్ లెటర్: టైమింగ్స్ కంటే ముందు అర్జంట్ అంటే ఏంటో రాయండి

ప్రశ్న: "బెంగళూరులో ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌ని. క్లయింట్లు రాత్రి పదకొండుకి కూడా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, చూడకపోతే ఇన్‌స్టాలో, అక్కడా చూడకపోతే మెయిల్‌లో పెడుతున్నారు. ఏ టైమ్‌లో రిప్లై ఇస్తానో, అర్జంట్ అయితే ఎలా పట్టుకోవాలో చెబుతూ ఒక లెటర్ పంపాలి. వాళ్ళు నొచ్చుకోకుండా ఎలా రాయాలి?"

జవాబు:

నేనూ ఇక్కడే మారతహళ్లి వైపు ఉంటానండి, చిన్న చిన్న షాపుల ఆన్‌లైన్ స్టోర్లు చేసి పెట్టి తర్వాత నెలనెలా వాటిని చూసుకోవడమే నా పని. ఇలాంటి లెటర్ నా క్లయింట్లందరి దగ్గరా ఉంది, దాంతోనే నడుస్తోంది. చాలామంది ఈ లెటర్‌లో పది నుంచి ఆరు వరకే అందుబాటులో ఉంటా అని రాసి వదిలేస్తారు, నొచ్చుకునేది సరిగ్గా అక్కడే. ఎందుకంటే క్లయింట్ భయం మీ టైమింగ్స్ గురించి కాదు, రాత్రి సైట్ పడిపోతే మనిషి దొరుకుతాడా లేదా అని. దానికి జవాబు గట్టిగా ఉంటే మిగతా టైమింగ్స్ అన్నీ ఒప్పేసుకుంటారు. మూడు చోట్ల మెసేజ్ పెడుతున్నారంటే ఏది పనిచేస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదనే అర్థం.

అందుకని అర్జంట్ సంగతి ముందు తేల్చుకోండి. అర్జంట్ అంటే ఏంటో మన డెవలపర్ల భాషలో సర్వర్ డౌన్, డేటాబేస్ ఎర్రర్ అని రాయొద్దు, షాపులో కూర్చున్న మనిషికి కళ్ళకి ఏం కనపడుతుందో అది రాయండి. నా లెటర్‌లో మూడే ఉన్నాయి: సైట్ అసలు ఓపెన్ అవ్వట్లేదు, కస్టమర్ డబ్బులు కట్ అయ్యాయి కానీ ఆర్డర్ రాలేదు, సైట్ మీద మనం పెట్టనిది ఏదో కనపడుతోంది. మూడోది హ్యాక్ గురించే, కానీ హ్యాక్ అని రాస్తే వాళ్ళకి గుర్తుపట్టడం రాదు. ఏవి అర్జంట్ కాదో కూడా పేరుపెట్టి రాయాలి, బ్యానర్ మార్చడం, రేటు మార్చడం, ఫోటో సరిగ్గా లేకపోవడం లాంటివి. ఇది రాయకపోతే పండగ ఆఫర్ బ్యానర్ కూడా వాళ్ళ దృష్టిలో అర్జంటే, అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఇక ఛానల్. ఒక్కటే ఉండాలి, అది మామూలు ఫోన్ కాలే అవ్వాలి, వాట్సాప్ కాల్ కూడా కాదు. మెసేజ్ పెట్టినవాళ్ళకి మనం చూశామా, నిద్రపోతున్నామా తెలీదు కదా, ఆ తెలియకపోవడంలోనే ఇంకో రెండు చోట్ల పెడతారు. కాల్ అయితే ఎత్తారా లేదా అప్పటికప్పుడే తెలిసిపోతుంది. పైగా వాట్సాప్ కాల్‌కి నెట్ కావాలి, ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి మీద ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోలేం.

ఇక్కడ ఫోన్ సెట్టింగ్ సంగతి ఒకటుంది, లెటర్ రాసేముందే చూసుకోవాలి. రాత్రి డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని పడుకుంటాం కదా, ఆండ్రాయిడ్‌లో అందులోనే Repeat callers అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే ఫోన్ మోగుతుంది. ఐఫోన్‌లో Allow Repeated Calls అంటారు, అక్కడ గడువు 3 నిమిషాలే. అందుకే నేను లెటర్‌లో ఎత్తకపోతే రెండు నిమిషాల్లోపు మళ్ళీ చేయండి అని రాస్తా, మీది ఏ ఫోన్ అయినా అది పనిచేస్తుంది. క్లయింట్ల నంబర్లన్నీ ఫేవరెట్స్‌లో పెట్టుకుని అందరి కాల్స్ మోగనివ్వొచ్చు, కానీ నాకది నచ్చదు, మొదటి రింగుకే లేవాల్సి వస్తుంది. రెండోసారి చేశారంటే నిజంగానే అవసరం పడి చేశారన్నమాట. ఒకటి మాత్రం చూసుకోండి, రింగర్ వాల్యూమ్ సున్నాలో ఉంటే ఈ సెట్టింగ్ ఉండీ లాభం లేదు. ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా రెండుసార్లు చేయించి మోగుతుందో లేదో చూశాకే లెటర్ పంపండి. రెండు కాల్సూ ఒకే నంబర్ నుంచి రావాలి అనేది కూడా రాయాలి, లేకపోతే మొదట ఓనర్ గారు చేస్తారు, తర్వాత షాపులో కుర్రాడు వాడి ఫోన్ నుంచి చేస్తాడు, రెండూ మోగవు.

నేను తెలుగు క్లయింట్లకి పంపేది దాదాపు ఇలా ఉంటుంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నమస్తే అండి. మీ సైట్ పని విషయంలో నన్ను ఎప్పుడు, ఎలా పట్టుకోవాలో ఒకచోట రాసి పంపుతున్నాను, దగ్గర పెట్టుకోండి.

సైట్ ఓపెన్ అవ్వకపోయినా, కస్టమర్ డబ్బులు కట్ అయి మీకు ఆర్డర్ రాకపోయినా, సైట్‌లో మీరు పెట్టనిది ఏదైనా కనపడినా వెంటనే ఈ నంబర్‌కి మామూలు ఫోన్ కాల్ చేయండి, రాత్రి అయినా, ఆదివారం అయినా. ఎత్తకపోతే రెండు నిమిషాల్లోపు అదే నంబర్ నుంచి మళ్ళీ చేయండి, నా ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మోగుతుంది. అప్పటికీ ఎత్తలేదంటే బండి మీద ఉండి ఉంటాను, ఏం కనపడుతోందో, ఎప్పటినుంచో ఒక ఎస్‌ఎంఎస్ పెట్టండి, అరగంటలో నేనే చేస్తాను. దీనికి విడిగా చార్జీ లేదు, నెల మెయింటెనెన్స్‌లోదే.

మిగతావన్నీ, అంటే ఫోటోలు, రేట్లు, బ్యానర్లు, కొత్త పేజీలు, మెయిల్‌కి పంపండి. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం పదిన్నరకి ఒకసారి, సాయంత్రం ఐదుకి ఒకసారి మెయిల్ చూసి జవాబిస్తాను. సాయంత్రం ఐదు తర్వాత వచ్చినవాటికి మర్నాడు పొద్దున, శనివారం అయితే సోమవారం పొద్దున జవాబు వస్తుంది. ఆ జవాబులో పని ఎప్పటికి అవుతుందో చెబుతాను. వాట్సాప్‌లో పెట్టినవి పని లిస్టులోకి ఎక్కవు, దయచేసి మెయిల్ చేయండి."

ఇంతే, ఫోన్ స్క్రీన్ మీద ఒకటిన్నర పేజీ దాటదు. చూశారా, అర్జంట్ ముందు వచ్చింది, టైమింగ్స్ తర్వాత. ఇంకోటి, జవాబు ఇచ్చే టైమ్ వేరు, పని పూర్తయ్యే టైమ్ వేరు అని కచ్చితంగా విడదీయాలి, లేకపోతే పదిన్నరకి జవాబు అన్నారు కాబట్టి పదిన్నరకి బ్యానర్ మారిపోతుంది అనుకుంటారు.

చిక్‌పేటలో చీరల షాపు ఉన్న ఒక మేడమ్ ఉన్నారు, తెలుగావిడే. ఒక శనివారం రాత్రి పదిన్నర దాటాక కాల్ చేసి, వెంటనే మళ్ళీ చేశారు, ఫోన్ మోగింది. "ఇద్దరు కస్టమర్లు డబ్బు కట్ అయ్యిందంటున్నారు బాబూ, నాకైతే ఆర్డర్ కనపడట్లా" అన్నారు. పేమెంట్ గేట్‌వేలో చూస్తే డబ్బు వచ్చేసింది, సైట్‌లో మాత్రం ఆ ఆర్డర్లు పేమెంట్ కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నాయి. డబ్బు అందింది అని గేట్‌వే మన సైట్‌కి ఒక సమాచారం పంపుతుంది, దాన్నే వెబ్‌హుక్ అంటాం, అది లోపలికి రావట్లేదన్నమాట. కారణం వెతకడానికి ముందు ఆన్‌లైన్ పేమెంట్ ఆపేసి క్యాష్ ఆన్ డెలివరీ ఒక్కటే ఉంచా, అక్కడితో కొత్తగా ఎవరి డబ్బూ ఇరుక్కోదు, ఆ మాట ఆవిడకి చెప్పా. తర్వాత లాగ్ చూస్తే సెక్యూరిటీ ప్లగిన్ సాయంత్రం అప్‌డేట్ అయ్యి వెబ్‌హుక్‌కి 403 ఇచ్చి వెనక్కి పంపేస్తోంది. ఆ అడ్రస్‌కి దారి వదిలి, ఒక చిన్న పేమెంట్ నేనే చేసి చూసి, ఇరుక్కున్న ఆర్డర్లని గేట్‌వే లిస్టుతో సరిపోల్చి సరిచేసి పడుకున్నా. ఇదే మెసేజ్‌గా వచ్చి ఉంటే నేను చూసేది పొద్దున్నే, రాత్రంతా చీరలు కొన్నవాళ్ళ డబ్బులు అలాగే ఇరుక్కునేవి. లెటర్‌లో ఉన్న రెండో మాట, ఆవిడ కళ్ళతో చూసింది ఒకటే కాబట్టి ఫోన్ చేయొచ్చా వద్దా అని ఆవిడ ఆలోచించలేదు. అదే మేడమ్ బ్యానర్ మీద అక్షర దోషం ఉందని ఇంకోరోజు రాత్రి గమనించి మెయిల్ పెట్టి ఊరుకున్నారు.

అయితే అందరూ ఇలా ఉండరు. ఒకాయన రాత్రి రెండుసార్లు చేసి రేటు మార్చమంటారు. కోప్పడకండి, "సరే అండి, ఇది మెయిల్‌లో పంపండి, పొద్దున పదిన్నరకి చూస్తా" అని చెప్పి పెట్టేయండి, అప్పుడే లేచి మార్చారంటే మాత్రం ఆ లెటర్ ఇక లేనట్టే. అలాగే రాత్రి తొమ్మిదికి మీరు ఖాళీగా ఉండి మెయిల్ రాసినా జీమెయిల్‌లో షెడ్యూల్ సెండ్ పెట్టి పొద్దున పదిన్నరకి వెళ్ళేలా చేయండి, తొమ్మిదికి జవాబు వచ్చిందంటే తొమ్మిదికి దొరుకుతారనే అనుకుంటారు. జీమెయిల్ వెకేషన్ రెస్పాండర్‌ని రోజూ ఆటో రిప్లైకి వాడదాం అనుకుంటే కుదరదు, దాంట్లో తేదీలే పెట్టగలం, గంటలు పెట్టలేం, పైగా ఒకే మనిషికి నాలుగు రోజులకి ఒకసారే వెళ్తుంది. వాట్సాప్ బిజినెస్‌లో Away message అనే ఆటో రిప్లైకి గంటలు పెట్టొచ్చు, "అర్జంట్ అయితే ఫోన్ చేయండి, మిగతావి మెయిల్‌కి" అని రెండు ముక్కలు అక్కడ పెట్టండి చాలు.

బయటి ఊళ్ళ క్లయింట్లు ఉంటే సెలవులు విడిగా రాయండి, నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం మనకిక్కడ సెలవు, హైదరాబాద్ వాళ్ళకి మామూలు రోజు. అమెరికాలో ఉంటే ఇండియా టైమ్, వాళ్ళ టైమ్ రెండూ రాయాలి. నా డాలస్ క్లయింట్‌కి మన రాత్రి ఏడున్నర ఇచ్చా, అది వాళ్ళకి చలికాలంలో పొద్దున 8, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు 9. గడియారం మార్చుకునేది వాళ్ళు, మనం కాదు, అందుకని ఈ రెండు ఆదివారాల ముందు వారం ఒక లైన్ మెయిల్ పెడతా.

లెటర్‌ని గ్రూపులో పడేయకుండా ఒక్కొక్కరికి వాళ్ళ పేరుతో, సోమవారం పొద్దున పంపండి. పంపాక ఒకసారి ఫోన్ చేసి నంబర్ సేవ్ చేసుకోమని అడగండి, షాపులో ఇంకెవరు ఫోన్ చేస్తారో వాళ్ళ నంబర్ కూడా తీసుకుని మీ ఫోన్‌లో షాపు పేరుతో సేవ్ చేసుకోండి.