ఇంటర్‌సెప్ట్ ఎక్కువ వస్తే జీరో-బీటా మోడల్ నిజమైనట్టేనా?

"సీఏపీఎం టెస్ట్ చేశాను. రిటర్న్‌లు, బీటాలు ఒకే గీత మీదకి వచ్చాయి కానీ ఇంటర్‌సెప్ట్ రిస్క్-ఫ్రీ రేటు కంటే పైన ఉంది. షార్ప్ మోడల్ తప్పు, బ్లాక్ జీరో-బీటా మోడల్ కరెక్ట్ అని రాసేయొచ్చా?"

రాయకండి. నా పీజీ ప్రాజెక్టులో నేను సరిగ్గా ఇదే రాశాను. వైవాలో ఎగ్జామినర్ "ఇండెక్స్ మారిస్తే?" అని ఒక్క మాట అడిగారు. ఆ రాత్రే మార్చి చూశాను. గీత మళ్లీ కుదిరింది, ఇంటర్‌సెప్ట్ మాత్రం ఇంకో చోటికి పోయింది.

కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. రెండే ఆస్తులు ఉన్నాయనుకోండి, వాటి మధ్య కోరిలేషన్ సున్నా. ఒకటో దాని సగటు రిటర్న్ 6%, స్టాండర్డ్ డీవియేషన్ 10%. రెండో దానికి 12%, 20%. రిస్క్-ఫ్రీ రేటు 4%. అసలు మార్కెట్ పోర్ట్‌ఫోలియోలో రెండూ సగం సగం. దాని మీద బీటాలు 0.4, 1.6. గీత వాలు 5, ఇంటర్‌సెప్ట్ సరిగ్గా 4. అంటే ఈ లోకంలో షార్ప్ మోడల్ పూర్తిగా నిజం.

ఇప్పుడు ఈ సగం సగం సంగతి మనకు తెలియదు. చేతిలో ఉన్న ఇండెక్స్‌లో మొదటి ఆస్తి 20%, రెండోది 80%. బీటాలు సుమారు 0.077, 1.231 అవుతాయి. వాలు 5.2, ఇంటర్‌సెప్ట్ 5.6. బ్లాక్ సమీకరణం ఏ తేడా లేకుండా సరిపోతుంది:

```
E(Ri) = E(Rz) + βi [E(Rm) − E(Rz)]
```

ఇందులో E(Rz) అంటే ఆ ఇండెక్స్‌తో బీటా సున్నాగా ఉండే పోర్ట్‌ఫోలియో రిటర్న్. మనం 5.6ని 4తో పోల్చి షార్ప్‌ని కొట్టేస్తాం, అదీ షార్ప్ నిజమైన లోకంలోనే.

రెండే ఆస్తులు ఉంటే ఏ మిశ్రమమైనా ఫ్రాంటియర్ మీదే పడుతుంది కాబట్టి గీత తప్పనిసరిగా వస్తుంది. ఆస్తులు ఎక్కువైతే, తీసుకున్న ఇండెక్స్ ఫ్రాంటియర్ మీద ఉన్నప్పుడే గీత కచ్చితంగా కుదురుతుంది. ఫ్రాంటియర్ మీద ప్రతి పోర్ట్‌ఫోలియోకీ (కనిష్ఠ వేరియన్స్ ఉన్న ఒక్కటి తప్ప) తనదైన జీరో-బీటా రేటు ఉంటుంది. 1977లో రిచర్డ్ రోల్ పట్టుకున్నది ఇదే: గీత రావడం ఆ ఇండెక్స్ ఎఫిషియంట్ అనే చెబుతుంది, అసలు మార్కెట్ గురించి కాదు. అసలు మార్కెట్‌లో ఇళ్లు, భూములు, మనుషుల సంపాదనా శక్తి కూడా ఉండాలి, వాటి రిటర్న్ సిరీస్ ఎవరి దగ్గరా పూర్తిగా లేదు. బ్లాక్ మోడల్‌కి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. షార్ప్ మోడల్‌లో ఇంటర్‌సెప్ట్ ముందే తెలిసిన రేటుకి కట్టుబడాలి, ఇక్కడ దాన్ని డేటాయే నింపుతుంది, కాబట్టి ఎఫిషియంట్‌గా ఉన్న తప్పుడు ఇండెక్స్ కూడా సులువుగా పాసైపోతుంది.

గీత కుదరకపోయినా అంతే, తప్పు మోడల్‌దో ఇండెక్స్‌దో చెప్పలేం.

మీ రిపోర్ట్‌లో "ఈ ఇండెక్స్ ఎఫిషియంట్ అనే ఊహని తిరస్కరించలేకపోయాను, దీని జీరో-బీటా రేటు ఇంత" అని రాయండి. తర్వాత బాండ్లు కలిపిన ఇండెక్స్‌తో, ఈక్వల్-వెయిటెడ్ ఇండెక్స్‌తో అదే రిగ్రెషన్ మళ్లీ వేసి, ఇంటర్‌సెప్ట్ ఎంత కదిలిందో పక్కపక్కన చూపించండి. నేను వైవా తర్వాత తిరగరాసిన చాప్టర్‌లో ఆ టేబుల్ ఒక్కటే నిలబడింది.