డిలీట్ చేసిన మెసేజ్‌ను నోటిఫికేషన్ హిస్టరీలో చూడవచ్చా?

ప్రశ్న: వాట్సాప్‌లో అవతలివాళ్లు డిలీట్ చేసేసిన మెసేజ్‌లో ఏముందో ఫోన్‌లోని నోటిఫికేషన్ హిస్టరీలో కనిపిస్తుందా?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కనిపిస్తుంది, కానీ ఆ మెసేజ్ రాకముందే హిస్టరీ ఆన్‌లో ఉండి, మెసేజ్‌కు నోటిఫికేషన్ వచ్చి, అది వచ్చి 24 గంటలు దాటకపోతేనే.

పంపినవారు డిలీట్ చేసినప్పుడు యాప్ తన చాట్‌లోని మాటలను, తెరపై ఉన్న నోటిఫికేషన్‌ను మాత్రమే మార్చగలదు; అంతకుముందే ఆండ్రాయిడ్ తన నోటిఫికేషన్ హిస్టరీలో రాసుకున్న ప్రతిని తాకలేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉన్న ఈ సదుపాయం సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది కనుక Settings > Notifications > Notification historyలో మనమే ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లలో ఇది Advanced settings లోపల ఉంటుంది.

ఉదాహరణకు, అమీర్‌పేటలో అద్దెకుంటున్న వ్యక్తికి ఇంటి యజమాని ఉదయం 9:10కి "వచ్చే నెల నుంచి అద్దె వెయ్యి పెంచుతున్నాను" అని పంపి, 9:15కి డిలీట్ చేశారనుకుందాం. చాట్‌లో డిలీట్ అయిందన్న సూచనే మిగిలినా, హిస్టరీలో వాట్సాప్ పేరు కింద 9:10 నాటి వాక్యం ఉంటుంది. అదే సమయంలో ఆ చాట్ తెరిచి ఉన్నా, వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపేసి ఉన్నా అక్కడ ఏమీ ఉండదు, ఎందుకంటే నోటిఫికేషనే పుట్టలేదు.

డిలీటైన మెసేజ్‌ను ఇది వెనక్కి తెస్తుందనుకోవడం చాలామంది పొరపాటు. ఇది నోటిఫికేషన్‌లోని అక్షరాలనే భద్రపరుస్తుంది. అందువల్ల పొడవైన మెసేజ్ మధ్యలో తెగిపోవచ్చు, వాయిస్ మెసేజ్ వచ్చిందని తెలుస్తుందే తప్ప వినబడదు, ఈ రోజు ఆన్ చేసినంత మాత్రాన నిన్నటిది దొరకదు.