ఎఫ్‌డీ బ్రేక్ చేసి ఎయిర్‌బ్రష్ మేకప్పా?

*సార్, నాకు 27. పర్లాకిమిడిలో ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జీతం 26,000. ఇంటి ఖర్చు 18,000 నేనే చూస్తాను. మాఘంలో పెళ్ళి, తర్వాత విశాఖ వెళ్ళిపోవాలి. ఫొటోలు, వీడియోకి 1,55,000, విశాఖ నుంచి వచ్చే మేకప్ ఆర్టిస్టుకి 48,000 అడుగుతున్నారు. ఆవిడకి 5,000 అడ్వాన్సు ఇచ్చేశాను. ఈ ఖర్చుకని దాచింది 85,000. ఇది కాక 1,10,000 ఎఫ్‌డీ ఉంది. మూడేళ్ళ కిందట నాన్న కాలి ఆపరేషన్‌కి పాతది ఖాళీ అయితే మళ్ళీ కూడబెట్టాను. అది బ్రేక్ చేయాలా, ఫోన్లో ఒక యాప్ ఇస్తానంటున్న 1,20,000 తీసుకోవాలా? నేను చామనఛాయ. మా అక్క పెళ్ళి ఫొటోల్లో అక్క అక్కలా లేదు. నాకలా వద్దు. కానీ పెద్దమ్మ "ఫొటోలు జన్మంతా ఉంటాయి, అక్కడ పిసినారితనం చెయ్యకు" అంటోంది.*
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

అమ్మా, రెండూ వద్దు. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, ఆ యాప్ ఫోన్లోంచి తీసేయండి. ఇలాంటి ఉత్తరాలు రాయగడ నుంచి, గుణుపురం నుంచి, మా బరంపురం నుంచి పెళ్ళిళ్ళ సీజను వస్తే చాలు వస్తూనే ఉంటాయి. అందరిదీ ఒకటే పొరపాటు: కష్టానికని దాచిన డబ్బును పెళ్ళి డబ్బులో కలిపి లెక్కేయడం.

మీ 1,10,000ని నెల ఖర్చు 18,000తో భాగించి చూడండి. ఆరు నెలలు. అంటే మీకు జీతం ఆగినా మీ అమ్మానాన్నలు ఆరు నెలలు ఎవరి గుమ్మం ఎక్కకుండా బతుకుతారు. ఆ జీతం ఎప్పుడు ఆగుతుందో మీరే రాశారు, మాఘం తర్వాత. విశాఖలో ఇంకో ల్యాబ్‌లో ఉద్యోగం వారంలో దొరకొచ్చు, నాలుగు నెలలు పట్టొచ్చు. ఆ నాలుగు నెలలే మీ ఎఫ్‌డీకి అసలు పని. సరిగ్గా దాని ముందు వారం దాన్ని ఖాళీ చేస్తానంటున్నారు. మీ నాన్నగారి ఆపరేషన్ నాడు పాత ఎఫ్‌డీ ఉండబట్టే ఎవరి ముందూ చెయ్యి చాచకుండా గడిచింది కదా!

ఇక యాప్ సంగతి. మీరు పంపిన స్క్రీన్ ఫొటోలో 28 శాతం వడ్డీ, 24 నెలలు అని ఉంది. నెలకు 6,587 కట్టాలి. మొత్తం 1,58,088, అంటే 38,000 అదనం. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని మిగతాదే చేతిలో పెడతారు, అది వేరే. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 8,000. ఉద్యోగం లేని నెలలో ఆ 6,587 ఎవరి జేబులోంచి వస్తుంది? కాపురానికి వెళ్ళిన మొదటి నెలలోనే పెళ్ళికొడుకు దగ్గర మీ మేకప్ వాయిదా అడుగుతారా? ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుందామని ఎవరైనా అంటే అది ఏడాదికి 36 శాతం. 2,03,000లో మీ 85,000 పోగా కావలసిన 1,18,000కి నెలనెలా 3,540 కట్టినా ఏడాది తిరిగేసరికి అసలు అలాగే నిలబడి ఉంటుంది. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తక్కువే, కానీ పెళ్ళినాడు మెడలో ఏం వేసుకుంటారు? ఇంతకు మించి అప్పుల గురించి నేను రాయను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. మీరు దాన్ని ఉత్తరం చివర్లో పెట్టారు, నాకు అదే ముఖ్యం: మీరు మీలా ఉండాలి. దానికి 2,03,000 అక్కర్లేదు. పైగా ఆ ప్యాకేజీలో చాలా భాగం మిమ్మల్ని ఇంకొకరిలా చేయడానికే పోతోంది.

ఇది నాకు దెబ్బ తిని తెలిసింది. ఆరేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళికి నేనూ పెద్ద ప్యాకేజీకే ఒప్పుకున్నాను. ఆల్బమ్ వచ్చాక మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి "ఇదెవర్రా?" అంది. మా అమ్మాయికి పైపెదవి పక్కన చిన్నప్పటి నుంచీ ఒక పుట్టుమచ్చ. కంప్యూటర్‌లో ముఖం నునుపు చేస్తూ దాన్ని కూడా చెరిపేశారు. మళ్ళీ పెట్టమంటే రీ-ఎడిటింగ్‌కు వేరే డబ్బులన్నారు. పోయిన పుట్టుమచ్చకు డబ్బు కట్టిన తండ్రిని నేనే అయ్యుంటాను.

ముఖం తెల్లబడిపోవడానికి మొదటి కారణం ఫౌండేషన్ రంగు. చాలామంది ఆర్టిస్టులు అడగకుండానే రెండు షేడ్లు తేలికది వేస్తారు, ఇంటి పెద్దలు మెచ్చుకుంటారని. ఎయిర్‌బ్రష్ అంటే ఆ రంగును సన్నగా పిచికారీ చేయడమే. షేడ్ తప్పితే అదీ తప్పే చూపిస్తుంది. ఎక్కడ పట్టుబడుతుందంటే జీలకర్ర బెల్లం ఫొటోలో. మీ చెయ్యి పెళ్ళికొడుకు తల మీద ఉంటుంది, దాని వెనకే మీ ముఖం. చెయ్యి ఒక రంగు, ముఖం ఒక రంగు. తెల్లటి మధుపర్కం చీర కట్టుకుని ఉంటారు కాబట్టి కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గిస్తుంది, తర్వాత ఎడిటర్ ముఖాన్ని పైకి లేపుతాడు. అలా ఒక తెలుపు మీద ఇంకో తెలుపు పడుతుంది.

అందుకే ట్రయల్ తప్పనిసరి. పార్లర్ ట్యూబ్‌లైట్ కింద కాదు, పగలు పది గంటలకు వసారాలోకి వచ్చి చూడాలి. దవడ అంచు నుంచి మెడ మీదికి మూడు షేడ్లు గీతలుగా పెట్టించండి. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతుందో అదే మీది. వెంటనే ఖాయం చేయకండి, అరగంట ఆగండి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురు రంగుకు తిరుగుతాయి. తర్వాత చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయండి. ముఖం సున్నం కొట్టినట్టు వెలిగితే అది పైన అద్దిన పౌడర్‌తోనో, కింద రాసిన సన్‌స్క్రీన్‌తోనో వచ్చిన తెలుపు. పెళ్ళిలో ప్రతి ఫ్లాష్‌కీ అదే వస్తుంది, కనుక వాటిని మార్చమనండి. ఆ మేకప్‌తోనే నాలుగు గంటలు ఇంట్లో తిరగండి, అమ్మకు వంటింట్లో సాయం చేయండి. హోమం పొగ దగ్గర కాటుక ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. నలుగు పెట్టిన రోజున మాత్రం ట్రయల్ వద్దు, పసుపు పట్టిన చర్మం మీద షేడ్ తప్పు చూపిస్తుంది. మందుల షాపులో తెలుపు వస్తుందని ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు ఇప్పుడు మొదలుపెట్టారంటే పెళ్ళినాటికి ఎర్రగా పొక్కిన ముఖంతో కూర్చుంటారు.

రెండో కారణం లైట్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, బాగుచేయడానికి పైసా ఖర్చు లేదు. రాత్రి ముహూర్తాలకు డెకరేషన్ వాళ్ళు మండపం చుట్టూ నీలం, గులాబీ ఎల్‌ఈడీలు పెడతారు. ఆ రంగు చర్మం మీద పడ్డాక ఏ ఎడిటింగ్‌తోనూ సరిగ్గా పోదు. చామనఛాయ దాని కింద బూడిద రంగుకు దిగుతుంది. అప్పుడు ఎడిటర్ చేసేది ముఖాన్ని తెల్లగా లేపడమే. పెళ్ళికొడుకును మండపంలోకి తీసుకురాగానే రంగు లైట్లు ఆపేసి తెల్ల లైట్లే ఉంచమని డెకరేషన్ అతనికి ముందే చెప్పండి. ఆ పని గుర్తుపెట్టుకుని చేయించే బాధ్యత మీ తమ్ముడికో బావకో అప్పగించండి, ఆ సమయానికి మీరు గౌరీపూజ దగ్గర ఉంటారు.

మూడోది ఎడిటింగ్. అడ్వాన్సు ఇచ్చే ముందే ఒప్పందం కాగితం మీద రెండు వాక్యాలు రాయించండి: ముఖం రంగు మార్చకూడదు, పుట్టుమచ్చలు, మచ్చలు చెరపకూడదు. తీసిన ఫొటోలన్నీ ఎడిట్ చేయనివి కూడా హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలి. "అన్నీ ఇవ్వం మేడమ్" అంటే ఆ స్టూడియో మీకు పనికిరాదు. నమూనా చూపించమన్నప్పుడు పది పెళ్ళిళ్ళ మంచి ఫొటోలు కాదు, మీ రంగున్న ఒక పెళ్ళికూతురి ఆల్బమ్ మొత్తం చూపించమనండి. మొదటి పేజీలో ఒక అమ్మాయి, చివరి పేజీలో ఇంకో అమ్మాయి కనబడితే లేచి వచ్చేయండి.

ఇప్పుడు ప్యాకేజీ కాగితం తీయండి. గోపాలపురం బీచ్‌లో ప్రీ-వెడ్డింగ్ షూట్ 35,000. తీయించుకున్న వాళ్ళని అడగండి, ఏడాదికి ఎన్నిసార్లు చూశారో. మరీ మనసు పడితే ఒక ఆదివారం గండహాతి జలపాతం దగ్గరికి వెళ్ళి ఫోన్‌తో తీసుకోండి. డ్రోన్ 15,000: పైనుంచి తీస్తే కనబడేది టెంటు కప్పే, మీరు కాదు. ఎల్‌ఈడీ వాల్ 20,000: పక్కన కూర్చున్న మిమ్మల్ని జనం గోడ మీద చూడటానికి. ఈ 70,000 కొట్టేయండి. మిగిలిన 85,000లో క్యాండిడ్, ట్రెడిషనల్, వీడియో మనుషులకు 65,000 అలాగే ఉంచండి. అక్కడ నేను ఒక్క రూపాయి తగ్గించను, పెద్దమ్మ చెప్పింది అక్కడ నిజం. కరిజ్మా ఆల్బమ్‌లు రెండుకు బదులు ఒకటి, 10,000. మేకప్‌కు విశాఖ నుంచి రాకపోకలు, బస కట్టి తెప్పించే బదులు మీ ఊళ్ళో గానీ, సరిహద్దు దాటితే పాతపట్నంలో గానీ ట్రయల్‌కు ఒప్పుకునే ఆవిడను చూసుకోండి. ఒక లుక్‌కి 12,000, ట్రయల్‌కి 1,500 దాటనివ్వకండి. అన్నీ కలిపితే 88,500.

మీ 85,000కి మూడున్నర వేలు తక్కువ. అది వచ్చే నెల మిగులులోంచి పెట్టుకోండి.

విశాఖ ఆవిడకిచ్చిన 5,000 సంగతి. ఫోన్ చేసి తిరిగి ఇమ్మని అడగండి. ఇవ్వనంటే ఒక రిసెప్షన్ లుక్‌కు సరిపెడతారేమో అడగండి. దానికీ కుదరదంటే వదిలేయండి. ఐదు వేలు పోయాయని మిగతా 43,000 కట్టేవాళ్ళను చాలామందిని చూశాను. పోయినా లోటు 8,500, అది రెండు నెలల మిగులులో సర్దుకుంటుంది.

ఒక పని మాత్రం పెళ్ళి పనుల్లో పడకముందే, ఈ వారమే చేయండి. ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరు మీద ఉంటే బ్యాంకుకు వెళ్ళి అమ్మ పేరు కూడా చేర్చి, గడువుకు ముందు కూడా ఇద్దరిలో ఎవరైనా ఒక్క సంతకంతో తీసుకునే వీలుందేమో అడిగి, అలా రాయించి పెట్టించండి. మీరు విశాఖలో ఉన్నప్పుడు నాన్నగారికి అర్ధరాత్రి ఏదైనా అయితే మీ సంతకం కోసం ఆగే పని ఉండకూడదు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ఆయన గోపబంధు ఆరోగ్య కార్డు విశాఖలో మీకు దగ్గరగా ఉండే ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.