ఒకే ఒక్క అలవాటుతో నవ్వించే పాత్ర: మా కండక్టర్ మామ సంగతి

ప్రశ్న: మా కాలనీ వినాయక మండపం దగ్గర వేసే స్కిట్ కోసం ఒక నవ్వించే పాత్ర రాస్తున్నాను. మొదటి రెండుసార్లు నవ్వుతున్నారు, ఆ తర్వాత అదే అలవాటు విసుగు తెప్పిస్తోంది. చివరిదాకా నిలబడాలంటే ఎలా రాయాలి?

హన్మకొండలో మా కాలనీ మండపానికి స్కిట్లు నేనే రాస్తాను. మొదటి ఏడాది రిటైరైన బస్సు కండక్టర్ పాత్ర పెట్టి, ముక్కుపొడి పీల్చడం, ఇంగ్లీషు తప్పు మాట్లాడటం, అన్నిటినీ బస్సుతో పోల్చడం అని మూడు అలవాట్లు ఇచ్చాను. మూడో సీన్‌కల్లా జనం పక్కవాళ్లతో ముచ్చట్లలో పడ్డారు. ఆ మూడూ మనిషి మీద అంటించినవే తప్ప, వాడి బుర్రలోంచి వచ్చినవి కావు.

మరుసటి ఏడాది రెండు తీసేసి, మిగిలినదానికి ఒక నియమం పెట్టాను. ఏ పని ఎంతవరకొచ్చిందో మామ కరీంనగర్ రూటు స్టేజీల్లో చెప్తాడు. హసన్‌పర్తి అంటే ఇప్పుడే మొదలైంది, ఎల్కతుర్తి అంటే కదిలింది, హుజూరాబాద్ అంటే సగమైంది, మానకొండూరు అంటే అయిపోవచ్చింది. కరీంనగర్ అన్న మాట మాత్రం ఆయన నోట రాదు, ఎందుకంటే ఆయన లెక్కలో ఏ పనీ ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి నియమం ఉంటే కొత్త సందర్భం వచ్చినప్పుడల్లా కొత్త జోకు వెతుక్కోనక్కర్లేదు. పొయ్యి మీది అన్నమైనా, కూతురి పెళ్లి సంబంధమైనా ఆయన ఏమంటాడో మీకు ముందే తెలిసిపోతుంది.

మొదటిసారి మాత్రం నవ్వించాలని చూడకండి, నేర్పించండి. మా స్కిట్‌లో మామ అన్నం గిన్నె మూత తీసి చూసి, "ఇంక హసన్‌పర్తి కాడ్నే ఉన్నది. ఎల్కతుర్తి దాటనియ్" అంటాడు. జనం చిన్నగా నవ్వినా చాలు, లెక్క వాళ్లకు ఎక్కింది. ఆ తర్వాత నిమిషంన్నర పాటు ఆ ఊసే ఎత్తలేదు. ఎనిమిది నిమిషాల స్కిట్‌లో ఈ అలవాటు నాలుగుసార్లే వస్తుంది. అయిదోది పెట్టి చూస్తే రిహార్సల్‌లోనే తేలిపోయింది. ఈ రూటు తెలియని ఊళ్లో వేస్తే ఇది పనిచేయదు, అక్కడివాళ్లు రోజూ తిరిగే దారి పెట్టుకోవాలి.

ఇక టైమింగ్. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి నవ్వొచ్చే మాట మధ్యలో ఇరుక్కుపోతుంది. నేను మొదట "సంబంధం హుజూరాబాద్ దాక అచ్చింది గదనే, ఇగ రంది పడకు" అని రాశాను. హుజూరాబాద్ విని జనం నవ్వబోయేసరికి వెనకాల ఇంకా ఆరు మాటలున్నాయి, నటుడు వాటిని చెప్తూ ఆ నవ్వును తొక్కేస్తున్నాడు. దాన్ని ఇలా తిప్పాను: "రంది పడకే. సంబంధం అచ్చింది... హుజూరాబాద్ దాక." మన మాటల్లో "పోయిండు ఊరికి" అని తిప్పి అనడం మామూలే కాబట్టి ఇది ఎబ్బెట్టుగా వినపడదు. ఆ మాట పడ్డాక భార్య వెంటనే జవాబివ్వదు, కూర కలుపుతుంది. ఆ గంటె రెండుసార్లు తిరిగేంత సేపే జనం నవ్వుకోవడానికి వదిలిన జాగా.

యాస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మామ ఒక్కడే మన యాసలో మాట్లాడి, మిగతావాళ్లు పుస్తకం భాష మాట్లాడితే, జనం నవ్వేది మామను చూసి కాదు, మన భాషను చూసి. నాకది అస్సలు ఒప్పుదల కాదు. అందుకే భార్య, కొడుకు, పక్కింటాయన అందరూ అదే యాస మాట్లాడతారు, స్టేజీల లెక్క ఒక్కటే మామది. "అచ్చింది" అనే మనిషి మరో సీన్‌లో "వచ్చింది" అనకుండా, ఆయన వాడే మాటలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటాను.

మూడోసారి అదే అలవాటు అదే నోట వస్తే జనం ముందే పసిగడతారు. అందుకని దాన్ని భార్య నోట పెట్టాను. మామ మీసం దువ్వి, "ఈ ఇంట్ల నా మాట దాటేటోళ్లు ఎవ్వలున్నరే?" అంటాడు. ఆమె తల ఎత్తకుండానే, "నీ బండి ఇంక యాడున్నదో ఎర్కేనా? డిపోల" అంటుంది. ఆ రాత్రి మండపం మొత్తం నవ్వింది అక్కడే.

దాని వెనకాల మామకు రెండు లైన్ల ఎదురు జవాబు రాసి ఉంచాను, రిహార్సల్‌లో కొట్టేశాను. ఇప్పుడు ఆయన కాసేపు ఊరుకుంటాడు. పొయ్యి దగ్గరికి పోయి మూత తీస్తాడు, ఒక మెతుకు నలిపి చూస్తాడు. "కరీంనగర్" అంటాడు. లైట్లు ఆరిపోతాయి.